ఓనర్ పాన్ ఇవ్వనంటే హెచ్‌ఆర్‌ఏ ఎలా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో నెలకి 14 వేలకి అద్దెకుంటున్నాం. ఓనర్ రిటైర్డ్ మాస్టారు. పాన్ ఇవ్వను, కావాలంటే 8,300కి రిసీట్ రాసిస్తా అంటున్నారు. నా బేసిక్, డీఏ కలిపి 40 వేలు, హెచ్‌ఆర్‌ఏ 16 వేలు. తీసేసుకోనా?

జవాబు: వద్దండీ. అద్దె ఏడాదికి లక్ష దాటితేనే ఆఫీసు వాళ్ళు ఓనర్ పాన్ అడుగుతారు, అందుకే ఆయన 8,300 అంటున్నారు, కానీ మీరు ఫోన్‌పేలో పంపేది 14 వేలు కదా, రేపు ఎవరన్నా అడిగితే ఆ రిసీట్ అబద్ధమని మీ స్టేట్‌మెంటే చెప్పేస్తుంది. పైగా నష్టం మీకే. మీ లెక్కలో మినహాయింపు అంటే కట్టిన అద్దెలోంచి జీతంలో 10 శాతం తీసేస్తే మిగిలేది, అంటే 1,68,000లో 48,000 పోను 1,20,000. అదే 8,300 రిసీట్లతో అయితే 51,600 దగ్గరే ఆగిపోద్ది. అన్నట్టు ఇదంతా పాత రిజీమ్‌లో ఉంటేనే, కొత్తదాంట్లో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, ముందు అది చూసుకోండి.

ఇక మాస్టారి భయం సంగతి. పాన్ ఇస్తే టాక్స్ పడుద్దని ఆయన అనుకుంటున్నారు, కాబట్టి ఊరికే పాన్ అడక్కుండా ఆయన లెక్క ఆయనకి చూపించండి. పెన్షన్ 35 వేలు అనుకుందాం, ఇంటి పన్ను ఏడాదికి 8 వేలు. అద్దెలో ఇంటి పన్ను పోగా 1,60,000, అందులో రిపేర్లు చేయించినా చేయించకపోయినా 30 శాతం తీసేస్తారు, మిగిలేది 1,12,000. పెన్షన్లో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోతే 3,45,000. మొత్తం 4,57,000. కొత్త రిజీమ్‌లో 12 లక్షల దాకా రిబేట్ ఉంది కాబట్టి టాక్స్ సున్నా, 4 లక్షలు దాటింది గనక రిటర్న్ మాత్రం వెయ్యాలి. వేరే ఆదాయం ఉంటే లెక్క మారుద్ది, అది ఆయన్నే అడగండి.

సాయంత్రం పూట కూర్చుని, "మాస్టారూ, మీకు టాక్స్ ఏమీ పడట్లేదండీ, ఇదిగో లెక్క, రిటర్న్ నేను దగ్గరుండి వేయిస్తాను" అని కాగితం మీద రాసి చూపించండి. వాట్సాప్‌లో "పాన్ పంపండి" అని పెడితే ఎవరికైనా అనుమానమే.

ఒప్పుకున్నాక ఇల్లు ఎవరి పేరున ఉందో అడగండి, మన వైపు సగం ఇళ్ళు ఆడవాళ్ళ పేరునే ఉంటాయి. ఇల్లు అమ్మగారిదైతే అగ్రిమెంటు, పాన్, సంతకం ఆవిడవే కావాలి, అద్దె కూడా ఆవిడ అకౌంటుకే వెయ్యండి. రిసీట్లో నెల, మొత్తం, ఇంటి అడ్రస్, ఓనర్ పేరు, పాన్, సంతకం ఉంటే చాలు. క్యాష్ ఇస్తే మాత్రం రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం పెట్టించుకోండి.

అప్పటికీ కుదరదంటే ఆఫీసు వాళ్ళు టీడీఎస్ కట్ చేసేస్తారు, చెయ్యనివ్వండి. అగ్రిమెంటు, బ్యాంక్ స్టేట్‌మెంట్ దాచుకుని మీ రిటర్న్‌లో 1,20,000 క్లెయిమ్ చేసుకోవచ్చు, 20 శాతం స్లాబ్‌లో ఉంటే సెస్‌తో కలిపి 24,960 వెనక్కొస్తుంది.