ఒక్క ‘ఇంట్రెస్టెడ్’తో మీ పేరు షీటులోకి ఎక్కదు

ప్రశ్న: మేడమ్, జడ్చర్ల ఫార్మా యూనిట్‌కి క్యూసీ అనలిస్టులు కావాలని మీరు పెట్టిన పోస్ట్ కింద ‘ఇంట్రెస్టెడ్’ అని రాశాను. వారమైంది, కాల్ రాలేదు. నాది ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ. రెండేళ్లుగా ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో చేస్తున్నాను, షాద్‌నగర్‌లో ఉంటాను. ఇలా చాలా పోస్టుల కింద రాశాను. ఎవరూ పిలవడం లేదు. ఎందుకని?

జవాబు: మీ చదువులోనో అనుభవంలోనో లోపం ఉందని అనుకోకండి. ఈ నాలుగు వాక్యాల్లో మీ గురించి నాకు తెలిసినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆ పోస్ట్ కింద లేదు. అదే మాట రాసినవాళ్లలో అసలు కెమిస్ట్రీ చదవనివాళ్లూ ఉన్నారు, ఇంకా డిగ్రీ పూర్తికానివాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో తెలియాలంటే ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరవాలి. తెరిస్తే చాలాసార్లు ఫోన్ నంబర్ ఉండదు. ఉద్యోగం మారినా ప్రొఫైల్‌లో మాత్రం పాత కాలేజీ పేరే ఉంటుంది. నేను మెసేజ్ పెడితే అది పరిచయం లేనివాళ్ల మెసేజ్‌లలోకి వెళ్లి పడుతుంది, అవతలివాళ్లు చూసుకోరు.

మా హెచ్ఆర్ వైపు పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఏం పంపాలో మీకే అర్థమవుతుంది. క్యూసీ హెడ్ తనకు ఎలాంటి మనుషులు కావాలో నాకు రాసిస్తారు. ఈ పోస్టుకి ఆయన అడిగింది రెండు నుంచి నాలుగేళ్ల అనుభవం, మందు శాంపిళ్లను పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద సొంతంగా పనిచేసినవాళ్లు, షిఫ్టులకు ఒప్పుకునేవాళ్లు, నెలలోపు చేరగలిగేవాళ్లు. నేను ఆయనకు తిరిగి పంపేది ఒక ఎక్సెల్ షీటు. మనిషికి ఒక వరుస. పేరు, ఫోన్, చదువు, పాసైన సంవత్సరం, మొత్తం అనుభవం, అందులో హెచ్‌పీఎల్‌సీ మీద ఎంత, ఇప్పటి సీటీసీ, అడుగుతున్న సీటీసీ, నోటీస్ పీరియడ్, ఉండే ఊరు. రెజ్యూమెలు ఆ షీటు వెనకాల వెళ్తాయి. ఆయన ముందు చూసేది షీటునే. సరిపోయే పేర్లు కొన్ని చేరగానే నేను షీటు పంపేస్తాను. వాళ్లలో ఎవరూ కుదరకపోతేనే మళ్లీ వెతుకుతాను. అంటే ఆ గడులన్నీ మొదటి రోజే నింపి పంపినవాళ్లకు వారం తర్వాత పంపినవాళ్లకంటే మంచి అవకాశం ఉంటుంది.

కాబట్టి పోస్ట్‌లో ఇచ్చిన ఐడీకి మెయిల్ పంపండి. సబ్జెక్ట్ లైన్ ఇలా ఉంటే మెయిల్ తెరవకముందే నాకు సగం విషయం తెలుస్తుంది:

```
QC Analyst - HPLC - 2 yrs - Notice 30 days - Shadnagar
```

రెజ్యూమె ఫైల్‌కి మీ పేరు, పని పెట్టండి. `Resume (3).pdf` అని వచ్చిన ఫైళ్లు నా ఫోల్డర్‌లో ఎన్నో ఉంటాయి, ఏది ఎవరిదో తెలియక తికమక పడాల్సి వస్తుంది.

మెయిల్‌లో ఐదారు లైన్లు చాలు. కానీ అందులో ఒక లైన్ మీద మాత్రం బాగా ఆలోచించండి, అదే హెచ్‌పీఎల్‌సీ గురించి రాసేది. ‘హెచ్‌పీఎల్‌సీ తెలుసు’ అని అందరూ రాస్తారు. పక్కన నిలబడి చూసినవాళ్లు కూడా అదే రాస్తారు. నిజంగా చేతులు పెట్టి చేసినవాళ్లయితే ఏ కంపెనీ మెషీన్ మీద చేశారో, వాటర్సా, ఎజిలెంటా, షిమాడ్జూనా చెప్తారు. సాఫ్ట్‌వేర్ ఎంపవరా, ల్యాబ్‌సొల్యూషన్సా చెప్తారు. అస్సే చేశారా, రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్ చేశారా, స్టెబిలిటీ శాంపిళ్లు చూశారా అనేది రాస్తారు. ఈ రెండు వాక్యాలు ఉంటే క్యూసీ హెడ్ ఇంటర్వ్యూకి పిలవమంటారు, ఎందుకంటే ఇంటర్వ్యూలో ఆయన అడిగే మొదటి ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. మీరు చేసింది ఎక్కువగా టైట్రేషన్, తేమ శాతం, ఎల్‌ఓడీ లాంటి వెట్ కెమిస్ట్రీ పనే అయితే దాన్నే రాయండి. హెచ్‌పీఎల్‌సీ అని రాసి ఇంటర్వ్యూలో ‘బేస్‌లైన్ డ్రిఫ్ట్ అయితే ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నకు తడబడితే ఆ యూనిట్‌లో తర్వాత వచ్చే పోస్టుకి కూడా మీ పేరు పంపడం నాకు కష్టమవుతుంది.

రెండో విషయం జీతం. ఇక్కడ చాలామంది తెలియకుండానే నష్టపోతున్నారు. ఉదాహరణకి మీ చేతికి నెలకు 22,000 వస్తోందనుకుందాం. సీటీసీ అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అది ఎంత అని అడిగితే ఆ 22,000ని పన్నెండుతో హెచ్చవేసి 2.64 లక్షలు అని రాస్తారు. కానీ పే స్లిప్‌లో మీ పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 కోత పడి ఉంటే మీ గ్రాస్ 24,000. కంపెనీ తన వంతు పీఎఫ్‌గా మరో 1,800 కడుతుంది. అంటే నెలకు 25,800, ఏడాదికి దాదాపు 3.10 లక్షలు. గ్రాట్యుటీ, బోనస్ కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. కొత్త కంపెనీ 25 శాతం పెంచుదామనుకుంటే ఆ లెక్క మీరు చెప్పిన అంకె మీదే వేస్తుంది. 2.64 మీద వేస్తే 3.30 లక్షలు, 3.10 మీద వేస్తే 3.87 లక్షలు. తేడా ఏడాదికి 57,000 రూపాయలు. అందుకే పే స్లిప్, అపాయింట్‌మెంట్ లెటర్‌లోని జీతం అనుబంధం ముందు పెట్టుకుని లెక్క వేసి రాయండి. ఉన్నదానికంటే ఎక్కువ మాత్రం రాయకండి. ఆఫర్‌కి ముందు మూడు నెలల పే స్లిప్‌లు అడుగుతాం.

తేదీల సంగతీ అంతే. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో కనిపిస్తుంది. మధ్యలో నాలుగు నెలలు ఖాళీ ఉంటే ఖాళీ అనే రాయండి, ఎందుకో ఒక్క వాక్యం చెప్పండి. దాని వల్ల ఉద్యోగం పోవడం అరుదు, దాచడం వల్ల ఆఫర్ వెనక్కి పోవడం మాత్రం చూస్తూనే ఉంటాం. నోటీస్ పీరియడ్ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎంత ఉందో అంతే రాయండి. ‘వెంటనే చేరతాను’ అని చెప్పి, తర్వాత రిలీవింగ్ లెటర్ రాక ఇబ్బంది పడేవాళ్లు ఫార్మాలో చాలామందే.

ఇంకొకటి, పోస్టుల కింద ‘ఇంట్రెస్టెడ్’తో పాటు ఫోన్ నంబర్ కూడా రాస్తుంటే ఇక ఆపేయండి. ఆ నంబర్లు ఏరుకుని ‘హెచ్ఆర్ నుంచి మాట్లాడుతున్నాం, మీరు సెలెక్ట్ అయ్యారు, రిజిస్ట్రేషన్‌కి 1,500 కట్టండి’ అని ఫోన్ చేసేవాళ్లున్నారు. అభ్యర్థి ఏ కంపెనీలో అడిగాడో వాళ్లకు ఆ పోస్ట్ చూస్తేనే తెలిసిపోతుంది, అందుకే నమ్మేస్తారు. రిజిస్ట్రేషన్ అన్నా, మెడికల్ టెస్ట్ అన్నా, యూనిఫామ్ డిపాజిట్ అన్నా, ఉద్యోగం కోసం డబ్బు అడిగారంటే ఫోన్ పెట్టేసి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే చేసి కనుక్కోండి.

మెయిల్ పంపాక మూడు నాలుగు పనిదినాలు ఆగి, అదే మెయిల్‌కి రిప్లైగా ఒక్కసారి అడగండి. కొత్త మెయిల్ మొదలుపెడితే పాతది వెతుక్కోవాల్సి వస్తుంది. అప్పటికీ జవాబు రాకపోతే ఆ పోస్టు వదిలేసి వేరేవి చూడండి.

జడ్చర్ల పోస్టుకి మొదటి షీటు వెళ్లిపోయింది. రెండోది ఈ శుక్రవారం పంపాలి. మీరు షాద్‌నగర్‌లో ఉండడం మంచిదే, రాత్రి షిఫ్టుకి రాకపోకల గురించి క్యూసీ హెడ్ తప్పకుండా అడుగుతారు. గురువారం సాయంత్రంలోపు రెజ్యూమె, పైన చెప్పిన వివరాలు పంపండి. మీరు పనిచేసిన మెషీన్ పేరు, చేసిన టెస్టులు మొదటి రెండు లైన్లలోనే ఉండేలా చూసుకోండి.