ముక్కు వెంట్రుకలు పీకొద్దు, కత్తిరించండి

ప్రశ్న: మా నాయనకు 70 ఏళ్లు, షుగర్ ఉంది. ముక్కులో, చెవుల మీద వెంట్రుకలు బయటికొస్తున్నాయి. పీకేయొచ్చా, కత్తిరించాలా?

పీకొద్దండి. వెంట్రుకను లాగితే దాని కుదురు దగ్గర చిన్న పుండు పడుతుంది, ముక్కులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా అందులోకి దిగుతుంది. తిరుపతిలో మా పెదనాన్న పట్టకారుతో పీక్కున్నాడు. మూడో రోజుకి ముక్కు కొన ఎర్రబడింది, వేలు తగిలితే ఓర్చుకోలేనంత నొప్పి. చూస్తే లోపల సెగ్గడ్డ. షుగర్ ఉండటంతో అది మానడానికి యాంటీబయాటిక్స్ వాడినా వారం పైనే పట్టింది. అలాంటి గడ్డను పిండకూడదు, అక్కడి రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉంది. జ్వరమొచ్చినా, కంటి చుట్టూ వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

స్నానమయ్యాక ముక్కు చీదించి, మంచి వెలుగులో అద్దం ముందు కూర్చోబెట్టండి. మొన గుండ్రంగా ఉండే చిన్న కత్తెర గానీ, ముక్కు ట్రిమ్మర్ గానీ చాలు. చేయి వణికేవాళ్లకు ట్రిమ్మరే మేలు. ముక్కు కొనను వేలితో పైకెత్తి, బయటికి కనిపించేవి మాత్రమే కత్తిరించాలి. లోపలివి దుమ్మును ఆపుతాయి, వాటి జోలికి పోవద్దు.

చెవికైతే అంచు మీదవి, రంధ్రం ముందున్న బొడిపె మీదవి తీస్తే సరిపోతుంది. రంధ్రంలోకి ఏదీ పెట్టొద్దు.