చదువులో వెనుకబాటు: రెండు రకాల తేడా

"మా బాబు మూడో తరగతి, విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. చదవలేడు, డిక్టేషన్ అంతా తప్పులే. టీచర్ స్లో లర్నర్ అంటున్నారు. నిజమేనా అండీ?"

చదవలేకపోవడం ఒక్కదాన్ని చూసి ఆ మాట అనకూడదండీ. ముందు కంటి, చెవి పరీక్ష చేయించండి. తర్వాత ఇంట్లో ఇలా చూడండి. వాడి పుస్తకంలోని కొత్త కథను మీరే చదివి వినిపించి, ప్రశ్నలు నోటితో అడగండి. మర్నాడు అదే కథను వాడి చేత చదివించండి.

విన్నప్పుడు చకచకా చెప్పి, చదివేటప్పుడు ఒత్తులు, గుణింతాల దగ్గర ఆగిపోతుంటే డిస్లెక్సియా అనుమానించాలి. అది ప్రత్యేక అభ్యసన వైకల్యం. తెలివి మామూలుగానే ఉంటుంది, అక్షరాన్ని శబ్దంతో కలపడమే కష్టం. పదిసార్లు కాపీ రాయించడం దీనికి మందు కాదు, దయచేసి ఆపండి. శబ్దాలు విడదీసి, కలిపి నేర్పే ప్రత్యేక శిక్షణ కావాలి.

విన్న కథ కూడా అందక, లెక్కలు, ఆటల నియమాలు అన్నీ నెమ్మదిగానే వస్తుంటే స్లో లర్నర్ కావచ్చు. వీళ్ల ఐక్యూ సాధారణంగా 70-85 మధ్య ఉంటుంది. చిన్న మెట్లుగా, ఎక్కువసార్లు చెబితే నేర్చుకుంటారు.

ఇంటి పరీక్షతో తేల్చేయకండి. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర ఐక్యూతో పాటు చదవడం, రాయడం, లెక్కల పరీక్షలూ చేయించండి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడిగి చూడండి. డిస్లెక్సియా అని తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుంది, పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు.