టెక్ సందేహాలు: రెండు నెలల ఆలస్యం ఎక్సెల్‌లో ఎందుకు కనిపించలేదు?

ప్రశ్న: సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారం మాది. 12 నెలల క్యాష్ ఫ్లో అంచనా ఎక్సెల్‌లో వేసుకున్నాను. ప్రతి అంకెనూ 10 శాతం మార్చి చూస్తే ప్యానెల్ ధరే పెద్ద రిస్క్ అని తేలింది. కస్టమర్ల చివరి వాయిదా రెండు నెలలు లేటైతే మాత్రం ఏమంత తేడా రాలేదు. ఇది నమ్మొచ్చా? సీనారియోలు ఎలా వేయాలి?

జవాబు: నమ్మొద్దు. ప్యానెల్ ధర సంగతి సగం నిజం. ఆలస్యం సంగతి మాత్రం షీట్‌లో ఉన్న తప్పే అయి ఉంటుంది. ఆ తప్పు ఎక్కడుందో ఊహించగలను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే చేశాను.

చిన్న లెక్కతో చూద్దాం. ఒక పని విలువ 100 అనుకోండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు కస్టమర్ 20 ఇస్తాడు, మరుసటి నెల బిగించాక 50, మీటర్ కనెక్షన్ వచ్చాక మిగతా 30. ప్యానెళ్లు, ఇన్వర్టర్ వగైరా సామానుకు 60 అవుతుంది. అది ఆర్డర్ వచ్చిన నెలలోనే కట్టేయాలి. బిగింపు కూలీ 15. జీతాలు, అద్దె కలిపి నెలకు 150. చేతిలో ఉన్నది 100. ఇప్పటిదాకా నెలకు 10 ఆర్డర్లు, రెండో నెల నుంచి 16 వస్తాయని అంచనా. బిగించిన మరుసటి నెలలో ఆ 30 వచ్చేస్తే, చేతిలో డబ్బు రెండో నెల చివర 60కి పడిపోయి, మళ్లీ పెరుగుతూ ఏడాది చివరకు 2380 అవుతుంది.

ఇప్పుడు ఆ 30 రావడానికి ఒక నెల బదులు మూడు నెలలు పడుతుందని మార్చండి. మీ షీట్‌లో ఎడమవైపు గడిచిన నెలల కాలమ్‌లు కూడా ఉంటే, ఫార్ములా మూడు కాలమ్‌లు వెనక్కి వెళ్లి పాత పనుల డబ్బు తెచ్చుకుంటుంది. ఆ పనుల డబ్బు మీకు ఎప్పుడో వచ్చేసింది, ప్రారంభ నిల్వలో కలిసి కూడా ఉంది. అంటే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొచ్చింది. అందుకే కనిష్ఠ నిల్వ 60 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. పట్టుకోవడం తేలిక. మూడు నెలల ఆలస్యం అన్నప్పుడు మొదటి రోజున కస్టమర్లు మీకు 900 బాకీ ఉన్నట్టు షీట్ అనుకుంటోంది. మీ పుస్తకాల్లో ఉన్న బాకీ 300 మాత్రమే.

పాత బాకీని వేరే వరుసలో, నిజంగా వచ్చే నెలలో, చేత్తో వేయండి. ఫార్ములా మొదటి నెల నుంచి బిగించిన పనులనే చూడాలి. బిగించిన పనులు 8వ వరుసలో, మొదటి నెల C కాలమ్‌లో, ఆలస్యం B3లో, చివరి వాయిదా B4లో ఉంటే, C కాలమ్‌లో ఇది రాసి కుడివైపుకి లాగండి:

```
=IF(COLUMNS($C8:C8)>$B$3, INDEX($C8:$N8, COLUMNS($C8:C8)-$B$3)*$B$4, 0)
```

ఇలా చేశాక అసలు బొమ్మ బయటపడుతుంది. రెండో నెలలో, మూడో నెలలో చివరి వాయిదాల కింద పైసా రాదు. మూడో నెల చివర నిల్వ మైనస్ 470.

రెండో సంగతి, ఏ అంకె మీద ప్రభావం చూస్తున్నారన్నది. సామాను ధర 10 శాతం పెరిగితే ఏడాది చివరి నిల్వ 1264 అవుతుంది. రెండు నెలల ఆలస్యమైతే 1420. ఏడాది చివరను చూసేవారికి సామాను ధరే పెద్దదిగా కనిపిస్తుంది. కనిష్ఠ నిల్వ చూడండి: ధర పెరిగితే మైనస్ 122, ఆలస్యమైతే మైనస్ 470. వరుస తారుమారైంది. పైగా ఆలస్యం వల్ల లాభంలో ఒక్క రూపాయి తేడా కూడా రాదు, కాబట్టి లాభనష్టాల లెక్కలో అది ఎప్పటికీ కనిపించదు. అందుకే `=MIN(C20:N20)` లాంటి ఒక సెల్ పెట్టుకుని (20వ వరుసలో నెలాఖరు నిల్వ ఉందనుకుంటే) దాన్నే గమనించండి. అన్నిటినీ 10 శాతమే మార్చడం కూడా మానేయండి. ఒక నెల ఆలస్యంలో 10 శాతమంటే మూడు రోజులు. నెలల లెక్కలో నడిచే షీట్‌కు మూడు రోజులు ఆనవు. మీ పాత బిల్లుల్లో అతి తొందరగా, అతి ఆలస్యంగా వచ్చినవి తీసి, ఆ రెంటి మధ్య మార్చి చూడండి.

రెండింటినీ కలిపి చూడ్డానికి డేటా టేబుల్ వాడండి. మూల సెల్‌లో ఆ MIN, పైన అడ్డంగా సామాను ధరలు, పక్కన నిలువుగా 1, 2, 3 నెలలు వేసి, అంతా సెలెక్ట్ చేసి Data > What-If Analysis > Data Table నొక్కండి. Row input cell దగ్గర ధర ఉన్న సెల్, Column input cell దగ్గర B3 ఇవ్వండి. రెండూ టేబుల్ ఉన్న షీట్‌లోనే ఉండాలి. ధర 60, ఆలస్యం 1 కలిసే గడిలో 60 రాకపోతే రెండు సెల్‌లు అటూ ఇటూ అయ్యాయని అర్థం. అన్ని గడుల్లో ఒకే అంకె ఉంటే F9 నొక్కి చూడండి, కాలిక్యులేషన్ సెట్టింగ్‌లో డేటా టేబుళ్లను మినహాయించి ఉండొచ్చు.

ధర 66, ఆలస్యం 3 కలిసే గడి ఆసక్తికరం. విడివిడిగా వచ్చిన తగ్గుదలలు రెండూ 60లోంచి తీసేస్తే మైనస్ 652 రావాలి. టేబుల్ మాత్రం మైనస్ 774 చూపిస్తుంది. ఒక్కోటి విడిగా ఉంటే మూడో నెలలో అడుగు తాకుతుంది, రెండూ కలిస్తే ఐదో నెల దాకా దిగుతూనే ఉంటుంది. సీనారియోలు వేరుగా వేయాల్సింది ఇందుకే.

సీనారియో అంటే అన్నీ చెడ్డగా పెట్టడం కాదు, కలిసి జరిగేవాటిని కలిపి పెట్టడం. గిరాకీ అందరికీ పెరిగిన కాలం తీసుకోండి. మీకు 16 బదులు 20 ఆర్డర్లు వస్తాయి. సామాను ధర 10 శాతం పెరుగుతుంది. కనెక్షన్ ఇచ్చేచోట క్యూ పెరిగి మూడు నెలలు పడుతుంది. ఏడాది చివరకు చేతిలో 520 ఉంటుంది, కానీ ఐదో నెలలో మైనస్ 1090. గిరాకీ తగ్గి 12 ఆర్డర్లే వస్తే? మిగతావన్నీ మామూలుగా ఉంటే నిల్వ 200 కంటే దిగదు. ఒక్కో కొత్త ఆర్డర్ వచ్చిన నెలలోనే మీ జేబులోంచి 40 పోతుంది మరి.

వీటికి నేను Scenario Manager వాడను. దాని సమ్మరీ వేసిన రోజు అంకెలతోనే ఆగిపోతుంది, తర్వాత షీట్ మారినా అది మారదు. B1లో సీనారియో నంబర్ పెట్టి, ఆర్డర్లు, ధర, ఆలస్యం ఉన్న ఒక్కో సెల్‌లో `=CHOOSE($B$1,E3,F3,G3)` లాంటిది రాస్తే చాలు. B1ని Column input cellగా ఇచ్చి ఇంకో డేటా టేబుల్ వేస్తే అన్ని సీనారియోలూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, షీట్‌తో పాటే మారతాయి.

ఇక కనిష్ఠ నిల్వ సున్నా కంటే దిగకుండా ఉండాలంటే అడ్వాన్స్ ఎంత పెంచాలో Goal Seek చెబుతుంది. పెంచినంతా బిగించాక ఇచ్చే 50లో తగ్గించండి, మొదటి నెలలో బిగించే పాత ఆర్డర్లకు మాత్రం 50 అలాగే ఉంచండి. ఆలస్యం ఒక్కటే ఉంటే 20 ఉన్న అడ్వాన్స్ 49.4 కావాలంటుంది. గిరాకీ పెరిగిన సీనారియోలో 74.5 అంటుంది. కానీ కనెక్షన్‌కు ముందు కస్టమర్ ఇచ్చేదే మొత్తం 70. ఆ సంగతి Goal Seekకు తెలియదు, మీరే చూసుకోవాలి. ఆ సీనారియోలో సరఫరాదారుతో మాట్లాడక తప్పదు. సామాను డబ్బులో సగానికి ఒక్క నెల గడువు దొరికితే అడ్వాన్స్ 41.5 చాలు.