గ్లూకోజ్ స్పెసిఫిక్ రొటేషన్ 90 నుంచి 48కి ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గ్లూకోజ్ ప్యూరిటీని పోలారిమీటర్‌తో చూస్తున్నాను. 5 గ్రాములు 50 మి.లీ. ఫ్లాస్కులో కరిగించి, 2 డెసిమీటర్ల ట్యూబులో పెట్టాను. పది నిమిషాలకు రీడింగ్ +18.0°, నలభై నిమిషాలకు +13.7°, మర్నాడు పొద్దున +9.6°. లెక్కిస్తే స్పెసిఫిక్ రొటేషన్ 90 నుంచి 48కి పడింది. పుస్తకంలో 52.7 అని ఉంది. నాకేమో ప్యూరిటీ మొదట 170 శాతం, చివరికి 91 శాతం వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. శాంపిల్ చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. మీరు తీసిన మూడు రీడింగులూ సరైనవే. ఆ మాట ఎందుకంత గట్టిగా చెప్తున్నానో కింద లెక్క చేసి చూపిస్తాను.

మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. డెక్స్‌ట్రోజ్ శాంపిల్‌కి 47.8 వచ్చింది. 52.7తో భాగించి, ప్యూరిటీ 91 శాతం లోపే ఉంది, లాట్ ఫెయిల్ అని రాసేశాను. మా సీనియర్ మేడమ్ నోట్‌బుక్ చూసి ఒక్కటే అడిగారు: "సీసా మీద ఫార్ములా చదివావా అమ్మా?" వెళ్లి చూస్తే C6H12O6·H2O అని ఉంది. నేను తూచిన ప్రతి పది గ్రాముల్లో దాదాపు గ్రాము నీళ్లే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాగున్న సరుకును కాదని సంతకం పెట్టేశాను కదా అని.

ముందు రీడింగ్ ఎందుకు పడిపోతోందో చూద్దాం. మామూలుగా దొరికే గ్లూకోజ్ స్ఫటికాల్లో అణువులన్నీ ఆల్ఫా రూపంలోనే ఉంటాయి. ఆ రూపం స్పెసిఫిక్ రొటేషన్ +112. నీళ్లలో పడగానే అణువులోని వలయం విచ్చుకుని మళ్లీ మూసుకుంటుంది. అలా మూసుకునేటప్పుడు కొన్ని బీటా రూపంలోకి వెళ్తాయి, దాని విలువ +18.7 మాత్రమే. చివరికి మూడో వంతుకు కాస్త ఎక్కువ ఆల్ఫా, మిగిలింది బీటాగా నిలబడుతుంది. పుస్తకంలోని 52.7 ఆ నిలబడ్డ మిశ్రమానిది. దీన్నే మ్యూటారొటేషన్ అంటారు. కాబట్టి మీ మొదటి రెండు రీడింగులను ప్యూరిటీకి వాడకూడదు.

అయితే వాటిని పారేయకండి, అవే మీకు సాక్ష్యం. ఆఖరి 9.6ను తీసేస్తే, పది నిమిషాల దగ్గర మిగిలిన తేడా 8.4, నలభై నిమిషాల దగ్గర 4.1. అంటే ముప్పై నిమిషాల్లో సగమైంది. గది వేడిమిలో, మామూలు నీళ్లలో గ్లూకోజ్ మారే వేగం సుమారుగా ఇంతే. అదే లెక్కతో పది నిమిషాలు వెనక్కి వెళ్తే, కరిగించిన క్షణంలో తేడా 10.6, రీడింగ్ 20.2° అయి ఉండాలి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. మీదీ నా శాంపిల్ లాగే ఒక నీటి అణువు ఉన్న మోనోహైడ్రేట్ అనుకుందాం. మోనోహైడ్రేట్ అణుభారం 198.17, నీళ్లు లేని గ్లూకోజ్‌ది 180.16. అంటే 9.09 శాతం నీరు. మీ 5 గ్రాముల్లో అసలు గ్లూకోజ్ 4.545 గ్రాములు, 100 మి.లీ.కి 9.09 గ్రాములు. సూత్రంలో వేద్దాం. α మీ రీడింగ్, l ట్యూబు పొడవు డెసిమీటర్లలో, c 100 మి.లీ.లోని గ్రాములు:

```
[α] = 100 × α / (l × c)
    = 100 × 9.6 / (2 × 9.09)
    = +52.8
```

ఇదే c తో ఇందాకటి 20.2°ని లెక్కిస్తే 111 వస్తుంది. ఆల్ఫా రూపం విలువ 112. మొదలూ చివరా రెండూ కుదిరాయి, మధ్యలో వేగమూ కుదిరింది. అందుకే మీది ఆల్ఫా గ్లూకోజ్ మోనోహైడ్రేటే అని నాకు నమ్మకం. అయినా సీసా లేబుల్ చూడండి. దాని మీద అన్‌హైడ్రస్ అని ఉంటే మాత్రం 48 నిజంగానే తక్కువ. అప్పుడు కార్ల్ ఫిషర్ పద్ధతిలో నీటి శాతం కొలిచి ఆ అంకెతో c సరిచేయాలి. ఓవెన్‌లో ఆరబెట్టాలనుకుంటే నేరుగా 105 డిగ్రీల్లో పెట్టకండి. మోనోహైడ్రేట్ 83 డిగ్రీల దగ్గరే తన నీళ్లలో తానే కరిగి ముద్దవుతుంది. ముందు తక్కువ వేడిలో చాలాసేపు ఉంచాలి.

మర్నాటి దాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఫార్మకోపియా పద్ధతిలో 10 గ్రాముల డెక్స్‌ట్రోజ్‌ను 80 మి.లీ. నీళ్లలో కరిగించి, 0.2 మి.లీ. డైల్యూట్ అమ్మోనియా కలిపి, అరగంట ఆగి, 100 మి.లీ.కి నింపుతారు. కొద్దిపాటి క్షారం ఉంటే వలయం త్వరగా విచ్చుకుంటుంది, అరగంటలోనే రీడింగ్ నిలబడిపోతుంది. అమ్మోనియా లేదని సోడియం హైడ్రాక్సైడ్ పోయకండి. గట్టి క్షారంలో గ్లూకోజ్ మెల్లగా ఫ్రక్టోజ్‌గా, మానోజ్‌గా మారుతుంది, రీడింగ్ నిలబడకుండా కిందికి జారుతూనే ఉంటుంది. ఏ పద్ధతైనా, పది నిమిషాల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే అయ్యాకే రాసుకోండి.

ఇంకో మాట. 50 మి.లీ. ఫ్లాస్కులో కరిగించి గీత దాకా నింపారా, లేక 50 మి.లీ. నీళ్లు కొలిచి అందులో గ్లూకోజ్ వేశారా? రెండోదైతే ద్రావణం దాదాపు 53 మి.లీ. అవుతుంది, జవాబు ఆరు శాతం తగ్గిపోతుంది. మీ అంకె కుదిరింది కాబట్టి గీత దాకానే నింపి ఉంటారు. కానీ మా దగ్గరికి వచ్చే ట్రైనీల్లో ఈ తప్పు చాలాసార్లు చూశాను.

నీళ్లతో జీరో రీడింగ్ తీసినట్టు మీరు రాయలేదు. తప్పకుండా తీయండి. జీరో దగ్గర +0.05° చూపిస్తే మీ 9.6 కాస్తా 9.55 అయి, స్పెసిఫిక్ రొటేషన్ 52.5కి వస్తుంది. కాలేజీ ల్యాబుల్లోని చేత్తో తిప్పే పోలారిమీటర్ వెర్నియర్ సాధారణంగా 0.05° దాకానే చదవగలదు. అంటే మీ జవాబులో దాదాపు 0.3 అటూ ఇటూ ఉంటుంది, ప్యూరిటీలో అది అర శాతం. కాబట్టి 99.83 శాతం అని రెండు దశాంశాలు రాయకండి. ఆ పరికరం ఇవ్వని సమాచారాన్ని ఇచ్చినట్టు అవుతుంది.

ఇక ప్యూరిటీ అనే మాట దగ్గర ఆగాలి. 52.7 వచ్చిందంటే అది గ్లూకోజ్‌కి తగ్గ విలువ అని అర్థం, మరేమీ కలవలేదని కాదు. ఫ్రక్టోజ్ విలువ −92, అందుకే రెండు శాతం కలిసినా రొటేషన్ 49.8కి పడి పట్టుబడుతుంది. సుక్రోజ్ విలువ +66.5, గ్లూకోజ్‌కి దగ్గర. పది శాతం కలిసినా 54.1 మాత్రమే అవుతుంది. రెండూ కలిస్తే ఇంకా చిక్కు. 88.5 శాతం గ్లూకోజ్, 10.5 శాతం సుక్రోజ్, ఒక శాతం ఫ్రక్టోజ్ ఉన్న మిశ్రమానికి లెక్క వేసి చూడండి, సరిగ్గా 52.7 వస్తుంది. పదకొండున్నర శాతం కల్తీ ఉన్నా పోలారిమీటర్‌కి కనపడదు.

అందుకే మీ రిపోర్టులో "ప్యూరిటీ 100 శాతం" అని కాకుండా, "నీరు మినహాయించి లెక్కిస్తే స్పెసిఫిక్ రొటేషన్ +52.8, సోడియం దీపం, ట్యూబు 2 డెసిమీటర్లు, 9.09 గ్రా./100 మి.లీ., నీళ్లలో" అని రాసి, కొలిచిన ఉష్ణోగ్రత పక్కన పెట్టండి. గైడ్ ప్యూరిటీ శాతమే కావాలంటే, అదే శాంపిల్‌ని హెచ్‌పీఎల్‌సీలో ఒకసారి నడిపించి, ఫ్రక్టోజ్, సుక్రోజ్ పీకులు లేవని చూశాక అప్పుడు ఇవ్వండి.