థర్మిస్టర్ నీళ్లలో సరిగ్గా చూపుతోంది, గాలిలో అర డిగ్రీ ఎక్కువ చూపుతోంది: సమీకరణం తప్పా?

"10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్‌ను 0, 25, 50 డిగ్రీల దగ్గర కొలిచి స్టైన్‌హార్ట్-హార్ట్ గుణకాలు తీశాను. నీళ్లలో బాగుంది. గాలిలో పెడితే అర డిగ్రీ పైనే ఎక్కువ వస్తోంది. లెక్క ఎక్కడ తప్పింది?"

నేనూ సమీకరణాన్నే అనుమానించి రెండుసార్లు క్యాలిబ్రేషన్ మళ్లీ చేశాను. తప్పు అందులో లేదు. ముందుగా లెక్కను నిర్ధారించుకోండి. సమీకరణం Y = A + B*L + C*L*L*L. ఇందులో L అంటే ln R (R నిరోధం, ఓమ్‌లలో), Y అంటే 1/T (T కెల్విన్‌లో, అంటే సెల్సియస్‌కు 273.15 కలపాలి):

```
g2 = (Y2-Y1)/(L2-L1)
g3 = (Y3-Y1)/(L3-L1)
C = (g3-g2)/(L3-L2)/(L1+L2+L3)
B = g2 - C*(L1*L1 + L1*L2 + L2*L2)
A = Y1 - L1*(B + C*L1*L1)
```

0, 25, 50 డిగ్రీల దగ్గర 32650, 10000, 3603 ఓమ్‌లు ఇస్తే A సుమారు 0.00113, B సుమారు 0.000235 రావాలి. మూడు గుణకాలకు మూడే బిందువులు కాబట్టి, కొలత తప్పయినా వక్రరేఖ వాటి గుండా కచ్చితంగా పోతుంది. అందుకే 37 డిగ్రీల దగ్గర నాలుగో బిందువుతో సరిచూడండి. అక్కడ కుదిరితే సమీకరణాన్ని వదిలేయండి.

ఇక అసలు కారణం వేడి: కొలవడానికి పంపే కరెంటుతో థర్మిస్టర్ తానే వేడెక్కుతుంది. నా సర్క్యూట్‌లో 5 వోల్టులు, థర్మిస్టర్‌తో వరుసగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. 25 డిగ్రీల దగ్గర థర్మిస్టర్ మీద 2.5 వోల్టులు పడతాయి, అంటే 0.625 మిల్లీవాట్లు. కలుపుతున్న నీరు ఈ వేడిని వెంటనే లాగేసుకుంటుంది. కదలని గాలి లాగలేదు.

అనుమానం తీర్చుకోవడానికి అదే గాలిలో సరఫరాను 3.3 వోల్టులకు దించాను. (ఏడీసీ రిఫరెన్స్ కూడా అదే సరఫరా నుంచి రావాలి, లేకపోతే ఈ పరీక్షకు అర్థం ఉండదు.) శక్తి 0.272 మిల్లీవాట్లకు పడింది, రీడింగ్ 25.55 నుంచి 25.20కి దిగింది. 0.353 మిల్లీవాట్లకు 0.35 డిగ్రీలు, అంటే డిగ్రీకి ఒక మిల్లీవాట్. కాబట్టి 5 వోల్టుల దగ్గర థర్మిస్టర్ దాదాపు 0.62 డిగ్రీలు వేడెక్కుతోంది. మరి రిఫరెన్స్ థర్మామీటర్ 25.0 చూపితే తేడా 0.55 మాత్రమే ఎందుకు? నీళ్లలోనూ అది 0.07 డిగ్రీల మేర వేడెక్కింది, ఆ మేరకు లోపం గుణకాల్లోనే కలిసిపోయింది. నన్ను ఎక్కువ చికాకు పెట్టింది ఇదే.

స్థిరంగా 0.62 తీసేస్తే పని జరగదు. పై విలువల ప్రకారం 0 డిగ్రీల దగ్గర శక్తి 0.45 మిల్లీవాట్లే, పైగా గాలి కాస్త కదిలినా లెక్క మారుతుంది. నేను సరఫరాను మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి ఇచ్చి, సెకనుకోసారి 10 మిల్లీసెకన్లు మాత్రమే ఆన్ చేశాను. 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉన్నందున 5 మిల్లీసెకన్లు ఆగి కొలిచాను. సగటు శక్తి నూరో వంతుకు తగ్గింది. ఆ తర్వాత మూడు బిందువులనూ ఇదే పద్ధతిలో మళ్లీ కొలిచాను, పాత గుణకాలను పారేశాను.