నిరుటి ఈపీఎస్ 26.40 ఉండేది, ఇప్పుడు 12 ఎలా అయింది?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాను. ఒక కంపెనీవి 100 షేర్లు ఉండేవి. నిరుటి నివేదికలో ఈపీఎస్, అంటే ఒక్కో షేరు వంతు లాభం, రూ.26.40 అని ఉంది. ఈసారి నివేదికలో నిరుటి వరసలో 12, ఈ ఏటికి 13, దాని కింద డైల్యూటెడ్ 11.93 అని వేశారు. అక్టోబరు 1న నాలుగు షేర్లకు ఒక కొత్త షేరు కొనుక్కునే రైట్స్, జనవరి 1న 1కి 1 బోనస్ ఇచ్చారు. రైట్స్ కాగితం వస్తే పక్కన పడేశాను. లెక్క తప్పా, నేను నష్టపోయానా?

జవాబు: లెక్క తప్పలేదండి. నష్టం మాత్రం కొంత జరిగింది, అది ఆ పక్కన పడేసిన కాగితం దగ్గర.

మీరు పంపిన నోట్ ప్రకారం నిరుటి లాభం 2.64 కోట్లు, షేర్లు 10 లక్షలు. అందుకే అప్పుడు 26.40. తర్వాత వచ్చిన బోనస్ వల్ల కంపెనీకి ఒక్క రూపాయి రాలేదు, ఉన్న షేరే రెండయింది. కాబట్టి బోనస్ షేర్లను జనవరి నుంచి కాకుండా మొదటినుంచీ ఉన్నట్టే లెక్కించి, నిరుటి అంకెనూ సరిచేయాలని అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 33 చెబుతుంది. బోనస్‌ను మూడు నెలలకే లెక్కిస్తే ఈ ఏటి ఈపీఎస్ 20.54 అని వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అది తప్పుడు అంకె.

రైట్స్ సంగతి వేరు. అక్కడ డబ్బు వచ్చింది, కానీ మార్కెట్ ధర కంటే తక్కువకు. రైట్స్‌తో కలిసి షేరు అమ్ముడైన చివరి రోజు ధర రూ.220, ఇష్యూ ధర రూ.120. నాలుగు పాత షేర్లు 880, ఒక కొత్తది 120, మొత్తం 1,000. ఐదుతో భాగిస్తే రూ.200. 220ని 200తో భాగిస్తే 1.1. అంటే ఈ రైట్స్‌లో పదో వంతు బోనస్ దాగి ఉందన్నమాట. మార్కెట్ ధరకే ఇచ్చి ఉంటే ఈ గుణకం 1 అయ్యేది, ఏ సవరణా అక్కర్లేదు.

నిరుటి 10 లక్షలను 1.1తో, బోనస్ కోసం 2తో గుణిస్తే 22 లక్షలు. 2.64 కోట్లను దానితో భాగిస్తే 12. ఈ ఏడు రైట్స్‌కు ముందు ఆరు నెలలకు 10 లక్షలు × 1.1 × 6/12 = 5.5 లక్షలు. తర్వాతి ఆరు నెలలకు 12.5 లక్షలు × 6/12 = 6.25 లక్షలు. చాలామంది ఇక్కడ రెండో భాగాన్నీ 1.1తో గుణిస్తారు. రైట్స్ తర్వాతి షేర్లలో ఆ బోనస్ ఇప్పటికే కలిసిపోయింది కాబట్టి మళ్లీ గుణించకూడదు. మొత్తం 11.75, బోనస్‌తో 23.5 లక్షలు. లాభం 3.055 కోట్లు, కాబట్టి 13.

ఇప్పుడు మీ సంగతి. నిరుడు మీ 100 షేర్ల వంతు లాభం రూ.2,640. ఇప్పుడు మీవి 200 షేర్లు, వంతు రూ.2,600. కంపెనీ ఈపీఎస్ 12 నుంచి 13కు పెరిగితే మీది తగ్గింది! మీకు వచ్చిన 25 రైట్స్ హక్కుల విలువ ఒక్కోటి సుమారు రూ.80, మొత్తం రూ.2,000. వాటిని అమ్మి ఆ డబ్బుతో రూ.200 చొప్పున 10 షేర్లు కొని ఉంటే, బోనస్‌తో 220 షేర్లు, వంతు రూ.2,860 ఉండేది. 1.1 గుణకం చెప్పేది అలా హక్కులు అమ్మి షేర్లు కొన్న మనిషి కథే. గడువులోగా కొనక, అమ్మక వదిలేస్తే హక్కు మురిగిపోతుంది. డీమ్యాట్‌లో హక్కులు జమైనప్పుడు కొనే డబ్బు లేకపోయినా అమ్మడం మానకండి.

ఇక డైల్యూటెడ్ అంకె 11.93. కంపెనీకి 3 కోట్ల కన్వర్టిబుల్ డిబెంచర్లు, అంటే షేర్లుగా మార్చుకోగల అప్పు పత్రాలు, ఏడాది పొడవునా ఉన్నాయి, వడ్డీ 10 శాతం. అవన్నీ షేర్లయిపోతే ఏడాదికి 30 లక్షల వడ్డీ మిగులుతుంది. నోట్‌లో వేసుకున్న 25 శాతం పన్ను పోగా 22.5 లక్షలు. బోనస్ సవరణ తర్వాత కొత్త షేర్లు 4 లక్షలు. లాభం 305.5 లక్షలకు 22.5 కలిపి 328 లక్షలు, షేర్లు 27.5 లక్షలు. భాగిస్తే 11.93. ముందుగా చూడాల్సింది 22.5ను 4తో భాగిస్తే వచ్చే 5.63. ఇది 13 కంటే తక్కువ కాబట్టే డిబెంచర్లు ఈపీఎస్‌ను పలచన చేస్తాయి. 4 లక్షల బదులు 1.5 లక్షల షేర్లే ఇచ్చేట్టయితే 15 వచ్చేది, అప్పుడు వాటిని లెక్కలోకే తీసుకోరు.

డిబెంచర్ల షరతుల్లో ‘తప్పనిసరిగా మార్చాలి’ అని ఉంటే మాత్రం ఆ షేర్లు ఒప్పందం కుదిరిన తేదీ నుంచే బేసిక్ ఈపీఎస్‌లోకి, అంటే ఇక్కడ 13 అన్న అంకెలోకి, వచ్చేస్తాయి. మీ కంపెనీ నోట్‌లో ‘ఐచ్ఛికం’ అని ఉంది, అందుకే 13, 11.93 అని రెండు అంకెలు కనిపిస్తున్నాయి.